లాగౌట్ నొక్కినా మూసుకోని తలుపు

మా అబ్బాయి చదివే కాలేజీవాళ్లు ఫీజులు కట్టడానికి ఒక పోర్టల్ పెట్టారు. తల్లిదండ్రులకు విడిగా లాగిన్ ఇచ్చారు. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది కూడా కొడితేనే లోపలికి పోనిస్తుంది. చూడ్డానికి కట్టుదిట్టంగానే ఉంది. మొన్న రెండో టర్ము ఫీజు కట్టి రసీదు దింపుకున్నాక, లాగౌట్ నొక్కబోతూ ఆగాను. వెబ్‌సైట్ల భద్రతను పరీక్షించడం నా వృత్తి. సొంత ఖాతా కాబట్టి ఒక చిన్న పరీక్ష పెడదామనిపించింది.

బ్రౌజర్‌లో F12 నొక్కి, Application అన్న విభాగంలో Cookies తెరిచాను. అక్కడ sid అనే పేరు, దాని పక్కన అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక వరస కనిపించాయి. ఆ వరసను ఒక కాగితం మీద రాసుకున్నాను. తర్వాత లాగౌట్ నొక్కాను. ‘మీరు విజయవంతంగా లాగౌట్ అయ్యారు’ అని పచ్చరంగులో వచ్చింది. ఇప్పుడు ఇంకో కంప్యూటర్లో, ఆ పోర్టల్‌ని ఎన్నడూ తెరవని బ్రౌజర్లో, అదే పేజీకి వెళ్లి, కుకీల పట్టికలో sid అని టైపు చేసి, కాగితం మీది వరస ఎక్కించి, రిఫ్రెష్ కొట్టాను. పాస్‌వర్డ్ అడగలేదు. ఓటీపీ రాలేదు. నా పేరు, మా ఇంటి చిరునామా, అబ్బాయి హాల్ టికెట్ నంబరు, కట్టిన ఫీజుల చిట్టా, అన్నీ తెర మీదికి వచ్చేశాయి. మూడు రోజులు ఆగి మళ్లీ చూశాను. అప్పుడూ అంతే.

ఇది ఎలా సాధ్యమో అర్థం కావాలంటే గుడి ముందు చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. చెప్పులు ఇస్తాం, టోకెన్ ఇస్తాడు. తిరిగొచ్చాక మన పేరేమిటో, ఊరేమిటో అడగడు. టోకెన్ చూపిస్తే చెప్పులు చేతికిస్తాడు. ఆ టోకెన్ జేబులోంచి జారి వేరొకరికి దొరికితే, చెప్పులు వాళ్లవే. వెబ్‌సైట్ లాగిన్ కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. సర్వర్‌కి జ్ఞాపకం ఉండదు. మనం నొక్కే ప్రతి నొక్కూ దానికి ఒక కొత్త మనిషి వచ్చినట్టే. ప్రతి పేజీకీ పాస్‌వర్డ్ అడిగితే ఎవరూ వాడలేరు కాబట్టి, ఒకసారి పాస్‌వర్డ్ సరిచూసుకున్నాక సర్వర్ ఒక వరసను తయారుచేసి బ్రౌజర్‌కి ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైట్‌కి వెళ్లిన ప్రతిసారీ తనంతట తానే చూపిస్తుంది. దీన్నే కుకీ అంటారు. నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజినీరు 1994లో దీన్ని తెచ్చాడు. లాగిన్ నుంచి లాగౌట్ దాకా నడిచే ఆ వ్యవధి సెషన్.

పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ టోకెన్ ఇవ్వకముందు జరిగే తనిఖీలు. టోకెన్ చేతిలో పడ్డాక వాటితో పని లేదు. అందుకే దొంగకు మన పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, ఆ వరస ఒక్కటి దొరికితే చాలు. ‘ఓటీపీ ఉంది కదా, మనకేం కాదు’ అనుకునేవాళ్లు ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. డబ్బు పంపే ముందు బ్యాంకులు మళ్లీ ఓటీపీ అడిగేది కూడా ఇందుకే.

ఆ టోకెన్ ఇచ్చేటప్పుడు సర్వర్ బ్రౌజర్‌కి ఒక వాక్యం రాసి పంపుతుంది. మా కాలేజీ పోర్టల్ పంపిన వాక్యం ఇది. వరసను మాత్రం మార్చి రాస్తున్నాను.

```
Set-Cookie: sid=7c1e90b4d2f85a36; Path=/
```

ఇంతే. టోకెన్ ఇచ్చింది గానీ, దాన్ని ఎలా దాచాలో, ఎవరికి చూపకూడదో, ఎప్పుడు పారేయాలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అవి చెప్పే మాటలున్నాయి. Secure అని రాస్తే ఒకటి, HttpOnly అని రాస్తే ఇంకొకటి. ఆ రెండు మాటలు లేక ఏం జరిగిందో చూస్తే, వాటి విలువ తెలుస్తుంది.

2010 అక్టోబరులో అమెరికాలోని శాన్ డియాగో నగరంలో టూర్‌కాన్ అనే సదస్సు జరిగింది. అక్కడ ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న సాధనాన్ని విడుదల చేశాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తగిలించుకునేది. కాఫీ హోటల్లో పాస్‌వర్డ్ లేని వైఫైకి కనెక్టయి, దాన్ని ఆన్ చేస్తే, ఎడమ పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది. ఆ హోటల్లో కూర్చుని ఫేస్‌బుక్, ట్విట్టర్ చూసుకుంటున్నవాళ్ల పేర్లు, ఫొటోలు ఒక్కొక్కటిగా అందులోకి వచ్చి చేరతాయి. ఒక ఫొటో మీద రెండుసార్లు నొక్కితే, వాళ్ల ఖాతాలో మనం ఉంటాం. హ్యాకింగ్ ఓనమాలు తెలియక్కర్లేదు.

ఇందులో కిటుకు ఏమిటంటే, అప్పట్లో ఆ సైట్లు పాస్‌వర్డ్ కొట్టే పేజీని మాత్రమే https మీద నడిపేవి. పాస్‌వర్డ్ అంటించిన కవరులో వెళ్లేది. లాగిన్ కాగానే మిగతా పేజీలన్నీ మామూలు http మీదికి మారిపోయేవి, అంటే పోస్టుకార్డు మీద. ఆ పోస్టుకార్డు మీదే ప్రతిసారీ కుకీ కూడా ప్రయాణం చేసేది. తాళం లేని వైఫైలో ఒకరి మాటలు గాల్లో అందరికీ వినబడతాయి. ఫైర్‌షీప్ చేసిందల్లా ఆ పోస్టుకార్డులు చదివి, కుకీ తీసి, మన బ్రౌజర్లో పెట్టడం. పాస్‌వర్డ్‌ని కాపాడి టోకెన్‌ని బజార్లో వదిలేశారన్నమాట.

అన్ని పేజీలకూ https పెడితే సర్వర్ల మీద భారం పడుతుందని కంపెనీలు అంతకాలం జంకాయి. ఆ భయం ఎంత తప్పో 2010లోనే తేలింది. ఆ ఏడాది జనవరిలో జీమెయిల్ మొత్తాన్ని అందరికీ https మీదికి మార్చిన గూగుల్ ఇంజినీర్లు, తమ సర్వర్ల పనిలో ఆ భారం 1 శాతం కన్నా తక్కువేనని చెప్పారు. ఫేస్‌బుక్ 2011 జనవరిలో, కావాలనుకున్నవాళ్లకు, మొత్తం సైట్‌ని https మీద వాడుకునే వీలిచ్చింది. దాన్ని అందరికీ సహజ ఏర్పాటుగా చేయడానికి 2013 వచ్చింది.

ఇక్కడ చాలామంది, డెవలపర్లతో సహా, ఒక పొరపాటు పడతారు. ‘మా సైట్ అంతా https మీదే ఉంది, తాళం గుర్తు కనిపిస్తోంది, ఇంక Secure ఎందుకు?’ అంటారు. దీనికి జవాబు 2008లోనే మైక్ పెర్రీ అనే భద్రతా పరిశోధకుడు జీమెయిల్ మీదే చూపించాడు. మీరు ఒక ట్యాబులో మెయిల్‌ని https మీదే చూసుకుంటున్నారు. ఇంకో ట్యాబులో ఏదో వార్తల సైట్ తెరిచారు, అది మామూలు http. అదే వైఫైలో కూర్చున్న దొంగ ఆ వార్తల పేజీ మీకు చేరేలోగా మధ్యలో ఒక బొమ్మను ఇరికిస్తాడు. ఆ బొమ్మ చిరునామా http:// తో మొదలయ్యే మీ మెయిల్ సైట్. అక్కడ నిజంగా బొమ్మ ఉండక్కర్లేదు. బ్రౌజర్ పాపం దాన్ని తేబోతుంది. ఆ సైట్‌కి వెళ్తున్నాను కదా అని అలవాటు చొప్పున కుకీ కూడా పట్టుకెళ్తుంది, అదీ పోస్టుకార్డు మీద. దొంగకు కావలసింది అందిపోయింది. మీరు మెయిల్ ట్యాబుని ముట్టుకోను కూడా లేదు.

Secure అన్న మాట అడ్డుపడేది సరిగ్గా ఇక్కడ. ‘ఈ కుకీని కవరులో తప్ప పంపవద్దు’ అని బ్రౌజర్‌కి చెప్పే ఆజ్ఞ అది. ఆ మాట ఉంటే బ్రౌజర్ బొమ్మ కోసం వెళ్తుందేమో గానీ, చేతిలో కుకీ ఉండదు. సైట్ ఎంత బాగా కట్టారన్నదానితో సంబంధం లేకుండా, బయట ఎవరో వేసిన గాలానికి మన బ్రౌజర్ చిక్కకుండా కాపాడే మాట ఇది.

HttpOnly కథ వేరు. పేరు చూసి https కి వ్యతిరేకమేదో అనుకుంటారు, కానే కాదు. పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌కి ఈ కుకీని చూపించవద్దు, బ్రౌజర్ సర్వర్‌కి పంపేటప్పుడు మాత్రమే వాడాలి అని దాని భావం. మైక్రోసాఫ్ట్ 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6కి తెచ్చిన మార్పుల్లో దీన్ని ప్రవేశపెట్టింది.

దొంగ వైఫైలో కాదు, పేజీలోనే కూర్చున్నప్పుడు ఇది పనికొస్తుంది. మా పోర్టల్లో ‘మీ ఫిర్యాదు రాయండి’ అని ఒక పెట్టె ఉంది. అందులో రాసింది రాసినట్టుగా అకౌంట్స్ ఆఫీసులో తెర మీద చూపిస్తుందనుకోండి. ఎవరైనా ఫిర్యాదుకు బదులు నాలుగు ముక్కల కోడ్ రాస్తే, అకౌంట్స్ గుమస్తా ఆ ఫిర్యాదు తెరిచిన క్షణాన ఆ కోడ్ ఆయన బ్రౌజర్లో నడుస్తుంది. document.cookie అని అడిగి ఆయన టోకెన్ తీసుకుని దొంగ సర్వర్‌కి పంపేస్తుంది. ఆయనకి తెర మీద ఏ తేడా కనిపించదు. HttpOnly ఉంటే అదే ప్రశ్నకు బ్రౌజర్ ఆ కుకీని దాచిపెట్టి జవాబిస్తుంది.

ఈ పద్ధతిని తలపండినవాళ్ల మీదే ప్రయోగించారు. 2010 ఏప్రిల్ 5న అపాచీ ఫౌండేషన్‌వాళ్ల జిరా అనే ఫిర్యాదుల వ్యవస్థలో ఎవరో ఒక కొత్త ఫిర్యాదు పెట్టారు. ‘కొన్ని ప్రాజెక్టులు చూస్తుంటే ఈ లోపం వస్తోంది’ అని రాసి, కింద పొట్టి లింకు ఒకటి ఇచ్చారు. ఆ లింకు తిరిగి జిరాలోకే తీసుకెళ్లి, అందులో ఉన్న లోపం ద్వారా చూసినవాళ్ల సెషన్ కుకీ లాక్కునేలా అల్లింది. నిర్వాహకుల్లో పలువురు దాన్ని నొక్కారు. వాళ్ల పని ఫిర్యాదులు చూడడమే కదా, నొక్కకుండా ఎలా ఉంటారు? దొంగలు అదే సమయంలో పాస్‌వర్డ్‌లను లక్షల సంఖ్యలో ఊహించి కొడుతూ కూడా ఉన్నారు. మర్నాడు ఈ రెండు దారుల్లో ఒకటి ఫలించి, నిర్వాహకుడి అధికారాలు వాళ్ల చేతికి వెళ్లాయి.

HttpOnly ఏం చేయలేదో కూడా చెప్పాలి. టోకెన్‌ని బయటికి మోసుకెళ్లకుండా ఆపుతుందే గానీ, పేజీలో దూరిన కోడ్ అక్కడికక్కడే మన పేరు మీద పనులు చేయడాన్ని ఆపలేదు. 2005 అక్టోబరులో శామీ కామ్‌కర్ అనే కుర్రాడు మైస్పేస్ సైట్లో వదిలిన పురుగు ఒక్క రోజు తిరగకుండా పది లక్షల మందికి పైగా ఖాతాల్లో పాకింది. ఎవరి కుకీనీ దొంగిలించనక్కర్లేదు దానికి. పేజీ తెరిచినవాళ్ల బ్రౌజర్ చేతే స్నేహ అభ్యర్థన పంపించింది. పెట్టెలో రాసింది కోడ్‌గా నడవకుండా చూడడం అసలు మందు. HttpOnly అది విఫలమైన రోజున నష్టాన్ని తగ్గిస్తుంది. ట్యాబు మూస్తే దొంగ చేతిలో టోకెన్ మిగలదు.

ఇక గడువు సంగతి. నా లెక్కలో ఈ మూడింటిలోనూ ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. మూడు రోజుల తర్వాత కూడా పాత వరస పనిచేసిందని చెప్పాను కదా, ఆ రోజే పోర్టల్ చేసిన కుర్రాడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

“లాగౌట్ నొక్కితే కుకీ తీసేస్తున్నాం కదా సార్” అన్నాడు.

“ఎక్కడి నుంచి తీస్తున్నావు బాబూ?”

“బ్రౌజర్ నుంచి సార్.”

“మరి మీ సర్వర్లో?”

కాసేపు మాట లేదు. తర్వాత, “డేటాబేస్‌లో సెషన్ల టేబుల్ ఉంది సార్... అందులో తీయట్లేదు” అన్నాడు. చూసి చెప్పమంటే చూశాడు. పోర్టల్ మొదలుపెట్టిన నాటి నుంచీ జరిగిన ప్రతి లాగిన్ వరసా ఆ టేబుల్లో చెక్కుచెదరకుండా ఉంది. ప్రతిదీ ఇప్పటికీ తలుపు తీస్తుంది.

చెప్పుల స్టాండువాడి దగ్గర మనం టోకెన్ చింపేసినంత మాత్రాన, అతని పుస్తకంలో ఆ నంబరు కొట్టేసినట్టు కాదు. ఆ నంబరు ఇంకెవరైనా రాసుకుని ఉంటే, వాళ్లు తెచ్చినా అతను చెప్పులు ఇస్తాడు. కుకీలో Max-Age అనో Expires అనో రాసే గడువు కూడా బ్రౌజర్‌కి చేసే మనవి మాత్రమే. బుద్ధిమంతుడైన బ్రౌజర్ పాటిస్తుంది. వరసను కాగితం మీద రాసుకున్న దొంగ ఎందుకు పాటిస్తాడు? గడువు సర్వర్ పుస్తకంలో ఉండాలి, కొట్టివేత కూడా అక్కడే జరగాలి.

అక్కడ రెండు గడియారాలు నడవాలి. మొదటిది, మనం కదలకుండా ఉన్న సమయాన్ని లెక్కపెడుతుంది. ఇన్ని నిమిషాలు ఏమీ నొక్కకపోతే సెషన్ రద్దు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ, డబ్బు వ్యవహారాల్లాంటి చోట దీన్ని 2 నుంచి 5 నిమిషాలు, మామూలు సైట్లకు 15 నుంచి 30 నిమిషాలు ఉంచమంటుంది. బ్యాంకు సైట్ ఫారం సగం నింపాక బయటికి తోసేస్తే మనకి చిరాకు వస్తుంది, నిజమే. నెట్ సెంటర్లో పని చూసుకుని బస్సు వస్తోందని లేచి పరుగెత్తినవాళ్లను కాపాడేది ఆ నిమిషాలే. కానీ ఈ గడియారం ఒక్కటే చాలదు. దొంగ కూడా మధ్యమధ్యలో ఒక నొక్కు నొక్కుతూ ఉంటే అది మళ్లీ మొదటికి వస్తూనే ఉంటుంది. అందుకే రెండోది. లాగిన్ అయిన క్షణం నుంచి, ఎంత చురుగ్గా వాడుతున్నా సరే, ఇన్ని గంటలకు సెషన్ ముగిసిపోతుంది, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాల్సిందే.

ఈ గడువు ఎందుకు అంత ముఖ్యమంటే, Secure, HttpOnly రెండూ చేతులెత్తేసే చోటు ఒకటుంది. మన కంప్యూటర్లోనే దొంగ సాఫ్ట్‌వేర్ దూరితే, అది బ్రౌజర్ కుకీలు దాచుకునే ఫైళ్లనే ఎత్తుకుపోతుంది. ఆ రెండు ఆజ్ఞలూ బ్రౌజర్‌కి ఇచ్చినవి, ఫైళ్లు ఎత్తుకుపోయేవాడికి కాదు. అలా ఎత్తుకుపోయిన కుకీలు మూటలు కట్టి అమ్ముతారు. 2021 జూన్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే వీడియో గేముల కంపెనీలోకి చొరబడినవాళ్లు, అందుకు 10 డాలర్లు పెట్టి ఒక దొంగ కుకీ కొన్నామని మదర్‌బోర్డ్ అనే పత్రికకు చెప్పారు. దాంతో ఆ కంపెనీ ఉద్యోగులు మాట్లాడుకునే స్లాక్ లోకి ప్రవేశించి, ‘నిన్న పార్టీలో ఫోన్ పోయింది’ అని సాంకేతిక సిబ్బందిని నమ్మించి మిగతా తాళాలు తీయించుకున్నారట. 780 జీబీ సమాచారం పట్టుకుపోయామన్నది వాళ్లు చెప్పిన లెక్క. కుకీ దొంగతనం జరగడానికీ, అది అమ్ముడై ఎవరో వాడడానికీ మధ్య కొంత సమయం పడుతుంది. ఆ లోపే సర్వర్ దాన్ని చెల్లనిది చేసి ఉంటే, 10 డాలర్లు పెట్టి కొన్నది చిత్తుకాగితం.

మా కుర్రాడు మంచివాడు, రెండు రోజుల్లో సరిచేశాడు. లాగౌట్ నొక్కితే టేబుల్లో వరస కొట్టేసే కోడ్ చేర్చాడు, 20 నిమిషాలు కదలకపోతే ఒకసారి, ఎలా ఉన్నా 8 గంటలకు ఒకసారి రద్దయ్యేట్టు పెట్టాడు, పాత వరసలన్నీ ఒక్క దెబ్బతో తుడిచేశాడు. కుకీ వాక్యం ఇప్పుడిలా ఉంది.

```
Set-Cookie: sid=e4a07b93c61d285f; Path=/; Secure; HttpOnly
```

నా కాగితం మీది పాత వరసను మళ్లీ ఎక్కించి చూశాను. లాగిన్ పేజీ వచ్చింది.

మీరు వాడే సైట్లను మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్లో లాగిన్ అయి, F12 నొక్కి, Application లో Cookies తెరిస్తే, ఒక్కో కుకీకి ఎదురుగా HttpOnly, Secure అన్న గడుల్లో టిక్కు కనిపిస్తుంది. లాగిన్ కుకీకి సాధారణంగా sid అనో, session అనో, PHPSESSID అనో పేరుంటుంది. భాష, రంగులు గుర్తుపెట్టుకునే కుకీలకు టిక్కులు లేకపోయినా పర్వాలేదు, లాగిన్ కుకీకి రెండూ ఉండాలి. గడువు గడిలో Session అని ఉంటే బ్రౌజర్ మూసినప్పుడు పోవాలని అర్థం, కానీ ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు ఉన్న బ్రౌజర్లలో అది పోకుండా ఉండిపోతుంది. కాబట్టి బ్రౌజర్ మూశాం కదా అని ధీమా పడొద్దు. ఆ పట్టికను ఫొటో తీసి ఎవరికీ పంపవద్దు, సాయం చేస్తామన్నవాళ్లకు కూడా. ఎవరో వాట్సాప్‌లో పంపిన కోడ్‌ని F12 పేజీలో అతికించవద్దు.

పరాయి కంప్యూటర్లో పని అయ్యాక లాగౌట్ నొక్కి లేవండి. ఖాతాలో ఏదో తేడాగా ఉందనిపిస్తే, పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి. చాలా సైట్లలో సెట్టింగ్స్‌లో ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ అనే మీట ఉంటుంది. అది కూడా నొక్కండి. పాస్‌వర్డ్ మారినా, ముందే ఇచ్చేసిన టోకెన్లు కొన్ని సైట్లలో బతికే ఉంటాయి.